నీలంగా కనిపించిందంతా నీరు కాదు: ఒక బత్తాయి తోటలో బోరు పాయింటు కేసు

పాత నల్లగొండ జిల్లాలోని ఒక ఊరు. గ్రానైటు నేల. రైతుకు ఆరెకరాల భూమి ఉంది, అందులో నాలుగెకరాల్లో సుమారు 400 బత్తాయి చెట్లు. ఆయన నన్ను పిలిచేసరికే తోటలో నాలుగు బోర్లు వేసి ఉన్నాయి. నాలుగింట్లోనూ నీళ్లు పడలేదు. ఐదోది నేను చెప్పిన చోట వేశారు, అదీ పోయింది. ఆరోది పనికొచ్చింది. ఐదోది ఎందుకు పోయింది, ఆరోది ఎలా దొరికింది అన్నదే ఈ కేసు. ఊరి పేరు, మనిషి ఆనవాళ్లు రాయడం లేదు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

నేను వెళ్లేసరికి ఉన్న పరిస్థితి

మొదటి మూడు పాయింట్లు కొబ్బరికాయతో, వేపపుల్లతో పెట్టినవి. నాలుగోది మాత్రం ఒకతను ‘స్కానర్’ అని చెప్పి తెచ్చిన జీపీఆర్, అంటే నేలలోకి చూసే రాడార్ మిషన్‌తో పెట్టాడు. మూడు చక్రాల బండి, దానికి చిన్న స్క్రీన్. కింది మడిలో నాలుగుసార్లు అటూ ఇటూ నడిపి, మూడు వందల ఫీట్ల లోతులో నీటి ధార ఉందన్నాడు. రైతు 420 ఫీట్లు వేయించాడు. పొడి దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

జీపీఆర్ మంచి పరికరమే. కానీ అది ఎంత లోతు చూడగలదన్నది మిషన్ కంటే ఎక్కువగా నేల మీదే ఆధారపడుతుంది. అది రేడియో తరంగాన్ని భూమిలోకి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. నేల కరెంటును ఎంత బాగా మోస్తే, తరంగం అంత తొందరగా చచ్చిపోతుంది. ఎంత తొందరగా అన్నది ఒక చిన్న లెక్కతో అంచనా వేయొచ్చు:

```
α ≈ 1.64 × σ / √ε
```

ఇక్కడ σ అంటే నేల విద్యుత్ వాహకత, మీటరుకు మిల్లీసీమెన్స్‌లో. 1000ని రెసిస్టివిటీతో, అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందన్న కొలతతో, భాగిస్తే అది వస్తుంది. ε అంటే డైఎలక్ట్రిక్ విలువ, నేల తరంగాన్ని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే అంకె. α అంటే మీటరుకు ఎన్ని డెసిబెల్స్ పోతాయన్న లెక్క. తర్వాత నేను కొలిస్తే, ఆ కింది మడి బంకమట్టి రెసిస్టివిటీ సుమారు 20 ఓమ్-మీటర్లు ఉంది. అంటే σ 50. తడి మట్టికి ε 16 అనుకుంటే మీటరుకు 20 డెసిబెల్స్ పోతాయి. రెండు మీటర్ల లోతుకు వెళ్లి తిరిగి రావాలంటే నాలుగు మీటర్ల ప్రయాణం, 80 డెసిబెల్స్ నష్టం. తరంగం వెడల్పుగా చెదిరిపోవడం వల్ల పోయేది దీనికి అదనం. ఆ మట్టిలో రెండు మీటర్లు చూడడమే గగనం, మూడు వందల ఫీట్ల మాట అసలే లేదు. స్క్రీన్ మీద లోతులో కనిపించిన గీతలు మిషన్ లోపలి రొదను బాగా పెంచి చూపినవి. గెయిన్ పెంచితే ఏమీ లేని చోట కూడా గీతలు కనిపిస్తాయి.

అదే లెక్క పైకి తేలిన గ్రానైటు బండ మీద వేస్తే, రెసిస్టివిటీ 3000, ε 6 అనుకుంటే, మీటరుకు పావు డెసిబెల్ కూడా పోదు. అందుకే రాతి క్వారీల్లో జీపీఆర్ బాగా పనిచేస్తుంది, మడిలో పనిచేయదు. ఈ తేడా గుర్తుంచుకోండి. ఇదే కేసులో తర్వాత జీపీఆర్‌తోనే పని పడింది.

ఐదో బోరు: నా తప్పు

నేను వీఈఎస్ చేశాను. రెండు కడ్డీలతో భూమిలోకి కరెంటు పంపి, మధ్యలో మరో రెండు కడ్డీల దగ్గర వోల్టేజి కొలవడం. కరెంటు కడ్డీలను దూరం జరుపుతూ పోతే కరెంటు లోతుగా దిగుతుంది, లోతు పొరల సంగతి తెలుస్తుంది. షలంబర్జర్ పద్ధతిలో మధ్య బిందువు నుంచి ఒక్కో వైపు 100 మీటర్ల దాకా వెళ్లాను.

మూడు చోట్ల చేస్తే, కింది మడి పక్కన చేసినదాంట్లో వంపు చూడముచ్చటగా వచ్చింది. పైన ఎండిన మట్టి, మధ్యలో తక్కువ రెసిస్టివిటీ, కింద గట్టి రాయి. గ్రానైటు నేలల్లో అందరం వెతికే ఆకారమే. లెక్క కడితే మధ్య పొర 22 మీటర్ల మందం, 18 ఓమ్-మీటర్లు అని వచ్చింది. నీళ్లు నిండిన మందమైన శిథిల పొర అనుకుని పాయింటు ఇచ్చాను.

రిగ్గు దిగాక మొదటి మూడు మీటర్లు మట్టి. తర్వాతదంతా తెల్ల సుద్ద, అంటే తెల్లటి బంకమట్టి. గుప్పిట్లోకి తీసుకుని పిసికితే మెత్తగా ముద్ద అయింది, చేతికి తడి అంటింది, ఒక్క చుక్క కూడా కారలేదు. పదిహేను మీటర్ల దగ్గర సుద్ద అయిపోయి నేరుగా గట్టి రాయి తగిలింది. 300 ఫీట్ల దాకా వేసి ఆపేశాం. రైతు ఏమీ అనలేదు. రిగ్గు వాళ్లకు డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, చెట్ల మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఫోన్ చేసి, ఇకపై నా ఫీజు వద్దు, మళ్లీ చూడనివ్వండి అని అడిగాను.

ఎక్కడ తప్పానో వెతికితే రెండు తప్పులు దొరికాయి.

ఒకటి, మందం. గట్టి రాతి మీద తక్కువ రెసిస్టివిటీ పొర ఉంటే, వీఈఎస్ వంపు మనకు నిజంగా చెప్పేది ఆ పొర మందాన్ని దాని రెసిస్టివిటీతో భాగిస్తే వచ్చే అంకె ఒక్కటే. 22ని 18తో భాగిస్తే 1.22. పన్నెండు మీటర్ల మందం, 9.8 ఓమ్-మీటర్లు అనుకున్నా అదే 1.22. వంపు ఒకటే వస్తుంది, సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒప్పుకుంటుంది. అందులో ఏది నిజమో తేల్చాలంటే బయటి ఆధారం కావాలి. నా దగ్గర అది లేకపోయినా, ఉన్నట్టే 22 అని రాసుకున్నాను.

రెండోది ఇంకా పెద్దది. ఆ పొరలో నీరుందా, బంకమట్టి ఉందా అన్న ప్రశ్నే వేసుకోలేదు. నీళ్లూ రెసిస్టివిటీని తగ్గిస్తాయి, బంకమట్టి కూడా తగ్గిస్తుంది. రెంటినీ వేరు చేయడానికి ఒక చవకైన పరీక్ష ఉంది. పక్క రైతు బోరులో నీళ్లున్నాయి. ఆ నీటి ఈసీ, అంటే విద్యుత్ వాహకత, కొలిస్తే సెంటీమీటరుకు 1100 మైక్రోసీమెన్స్. 10,000ని 1100తో భాగిస్తే ఆ నీటి రెసిస్టివిటీ సుమారు 9 ఓమ్-మీటర్లు. బంకమట్టి లేని శిథిల గ్రానైటులో, అంటే చేతికి గరుకుగా తగిలే మొరంలో, ఖాళీలు ఐదో వంతు ఉండి అవన్నీ ఈ నీటితో నిండాయనుకుంటే, ఆర్చీ సూత్రం ప్రకారం మొత్తం పొర రెసిస్టివిటీ నీటి రెసిస్టివిటీకి పదకొండు రెట్లు ఉండాలి. అంటే 100 ఓమ్-మీటర్ల చుట్టుపక్కల. నాకు వచ్చింది 18. అంత తక్కువ రావాలంటే బంకమట్టి తప్ప వేరే దారి లేదు. పక్క పొలానికి వెళ్లి ఒక సీసా నీళ్లు పట్టుకుని కొలిచి ఉంటే, పది నిమిషాల్లో తెలిసిపోయే సంగతి ఇది. ఆ రోజు ఈసీ మీటరు నా బ్యాగులోనే ఉంది.

ఈ లెక్కకూ హద్దులున్నాయి. ఖాళీలు ఎన్నున్నాయో మనకు కచ్చితంగా తెలియదు కాబట్టి, 100 అన్నది 60 కావచ్చు, 150 కావచ్చు. కానీ 18 కాదు. మన ప్రశ్నకు ఆ మాత్రం జవాబు చాలు.

మళ్లీ మొదటి నుంచి

ఈసారి ముందు తెలిసిన చోట్ల కొలిచాను. పక్క రైతు మంచి బోరు పక్కన ఒక వీఈఎస్, మా ఫెయిలైన బోరు పక్కన ఒకటి. ఫెయిలైన చోట వంపు చివర నిటారుగా, లాగ్ పేపరు మీద 45 డిగ్రీల వాలుతో లేచింది. అంటే సుద్ద కిందే పగుళ్లు లేని రాయి. మంచి బోరు దగ్గర మధ్య పొర 70 ఓమ్-మీటర్లు, ఆ తర్వాత వంపు మెల్లగా లేచింది. మెత్తటి పొరకూ గట్టి రాతికీ మధ్య పగిలిన రాతి పొర ఉందని దానర్థం. మనం వెతకాల్సింది దాన్నే.

ఎందుకంటే గ్రానైటులో సుద్ద నీళ్లు ఇవ్వదు, గట్టి రాయీ ఇవ్వదు. ఇచ్చేది ఆ రెంటి మధ్య ఉండే పగుళ్ల పొర. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పరిశోధనలో తేలింది కూడా ఇదే. నీటిని పారించే పగుళ్లు ఎక్కువగా పై 40 మీటర్ల లోపే ఉన్నాయి, అంతకంటే లోతుకు పోయేకొద్దీ బాగా తగ్గిపోయాయి. కాబట్టి నాకు 500 ఫీట్ల లోతు చూసే పద్ధతి అక్కర్లేదు. పై 40 మీటర్లలో ఎక్కడ ఏముందో పక్కపక్కన పెట్టి చూపించే పద్ధతి కావాలి. వీఈఎస్ ఒక చోట నిలబడి చుట్టుపక్కలదంతా కలిపి సగటు చెబుతుంది. ఐదు మీటర్ల వెడల్పున్న పగుళ్ల పట్టీ ఆ సగటులో కలిసిపోతుంది.

అందుకని ఈఆర్‌టీకి వెళ్లాను, అంటే ఒకే లైనులో చాలా ఎలక్ట్రోడ్లు పాతి నేల అడ్డుకోత బొమ్మ తీసే పద్ధతి. 48 ఎలక్ట్రోడ్లు, ఐదేసి మీటర్ల దూరం, మొత్తం 235 మీటర్ల లైను. ఆ పొడవుకు నమ్మదగిన లోతు మధ్యలో సుమారు 45 మీటర్లు, రెండు చివర్లా అంతకంటే చాలా తక్కువ. లైను ఏ దిక్కున వేయాలన్నదే అసలు నిర్ణయం. పొలంలో నల్లటి గుండ్రాళ్లు వరసగా పోతున్నాయి. అది డోలరైటు డైక్, గ్రానైటు పగులులోకి దూరి గట్టిపడిన నల్లరాయి. ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఆ వరస అర కిలోమీటరు దాకా కనిపించింది. ఇలాంటి డైక్ నేల కింద గోడలా నిలబడి నీటిని అడ్డుకోవచ్చు, దాని అంచున రాయి పగిలి ఉండొచ్చు. కాబట్టి లైను దానికి అడ్డంగా, కింది మడి నుంచి పై చెల్క దాకా వేశాను. పగుళ్ల పట్టీకి సమాంతరంగా లైను వేస్తే దాన్ని పట్టలేం.

మే నెల. పై చెల్కలో నేల ఎండి గట్టిపడి ఉంది, ఎలక్ట్రోడ్లకు కరెంటు సరిగా అందలేదు. ప్రతి కడ్డీ చుట్టూ గుంట చేసి ఉప్పు నీళ్లు పోయించి, అరగంట ఆగి మళ్లీ కొలిచాం. ఈ పని చేయకుండా తీసిన రీడింగులు చెత్త, వాటి నుంచి ఎంత అందమైన బొమ్మ వచ్చినా అంతే.

బొమ్మలో రెండు చోట్లు

బొమ్మలో గట్టి రాయి ఎర్రగా, 1000 ఓమ్-మీటర్లకు పైన వచ్చింది. కింది మడి వైపు పైనంతా ముదురు నీలం, అది మాకు తెలిసిన సుద్ద. మధ్యలో రెండు చోట్ల రాతిలోకి దిగిన ఆకారాలు కనిపించాయి.

75 మీటర్ల గుర్తు దగ్గర, డైక్‌కు కాస్త ఎగువన, పచ్చరంగులో గరాటులాంటి ఆకారం. 80 నుంచి 150 ఓమ్-మీటర్లు, దాదాపు 40 మీటర్ల దాకా దిగింది. 150 మీటర్ల గుర్తు దగ్గర, పై చెల్కలో, ముదురు నీలంగా నాలుకలాంటి ఆకారం. 15 నుంచి 25 ఓమ్-మీటర్లు. అక్కడ గట్టి రాయి ఐదు మీటర్లకే ఉంది, ఈ నాలుక మాత్రం 18 మీటర్ల దాకా దిగింది.

లాప్‌టాప్ చూసిన ప్రతి ఒక్కరూ రెండోదాని మీదే వేలు పెట్టారు. రైతు, ఆయన కొడుకు, రిగ్గు ఏజెంటు, అందరూ. నీలం కాబట్టి నీళ్లు. సాఫ్ట్‌వేర్ తక్కువ విలువకు నీలం, ఎక్కువ విలువకు ఎరుపు వేస్తుంది, అంతే. ఆ రంగు నీటి గురించి ఏమీ చెప్పదు. అప్పటికే ఒకసారి 18 ఓమ్-మీటర్లను నమ్మి దెబ్బతిన్నాను కాబట్టి నేను ఆగాను. ఐదు మీటర్లకే రాయి ఉన్న చోట, అంత సన్నగా, అంత మట్టి ఎందుకుంటుంది?

జవాబు రైతు వాళ్ల అమ్మ చెప్పింది. మేం కేబుల్ చుడుతుంటే గట్టు మీద కూర్చుని చూస్తోంది. ఆ చోటు చూపించి అడిగాను.

“ఈడ మా మామ తవ్విచ్చిన మోటబావి ఉండె బిడ్డా. నీళ్లు ఎండినంక చెరువు మట్టి తెచ్చి పూడ్చిండ్రు. ఈ పోరగానికి తెల్వది, చిన్నోడు అప్పుడు.”

బావి ఎంత లోతని అడిగితే ‘ఆరు మట్లు’ అంది. ఒక మట్టు అంటే మనిషి నిలువెత్తు. అంటే పది పదకొండు మీటర్లు. మరి బొమ్మలో 18 మీటర్లు ఎందుకు వచ్చింది? దీన్ని మాటతో వదలకుండా పరీక్షించాను. రాతిలో ఏడు మీటర్ల వెడల్పు, 11 మీటర్ల లోతున్న 15 ఓమ్-మీటర్ల మట్టి దిమ్మెను కంప్యూటర్‌లో పెట్టి, దాని మీద ఇదే లైను వేస్తే ఏ రీడింగులు వస్తాయో లెక్క కట్టి, ఆ రీడింగుల నుంచి మళ్లీ బొమ్మ తీశాను. పొలంలో వచ్చిన నీలం నాలుకే దాదాపు అలాగే వచ్చింది, అదీ 17 మీటర్ల దాకా సాగింది. రీడింగుల నుంచి బొమ్మ తీసే ఇన్వర్షన్ లెక్క పదునైన అంచులను మెత్తగా చేసి, తక్కువ రెసిస్టివిటీ ఉన్నదాన్ని కిందికి లాగి చూపిస్తుంది.

జీపీఆర్‌కు సరైన చోటు

బావి ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి. పాయింటు వదిలేస్తే చాలదా అని కొడుకు అడిగాడు. చాలదు. 75 మీటర్ల గుర్తు దగ్గరికి రిగ్గు లారీ రావాలంటే పైనున్న బండ్ల బాట నుంచి ఈ చెల్క మీదుగానే రావాలి. పూడ్చిన బావిలో మట్టి ఏళ్ల తరబడి కుంగి, పై పెచ్చు కింద ఖాళీ ఏర్పడి ఉండొచ్చు. దాని మీదికి అంత బరువున్న రిగ్గును పంపలేం.

ఇక్కడ మళ్లీ అదే లెక్క వేశాను. ఈ చెల్కలో పై మొరం ఎండి ఉంది, రెసిస్టివిటీ 200. σ 5, ε 9 అనుకుంటే మీటరుకు 2.7 డెసిబెల్స్. మూడు మీటర్ల లోతుకు వెళ్లి వచ్చినా 16 డెసిబెల్స్ నష్టమే. మడిలో పనికిరాని పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. తెలిసినవాళ్ల దగ్గర 200 మెగాహెర్ట్జ్ యాంటెన్నా అద్దెకు తెచ్చి, 20 మీటర్ల చదరంలో మీటరుకొక గీత చొప్పున లాగించాం.

బయట మొరంలో సిగ్నల్ బాగుంది. ఒక చోటికి రాగానే 24 నానోసెకన్ల దగ్గర పదునైన వంపు, తర్వాత సిగ్నల్ ఒక్కసారిగా ఆగిపోయింది. ఏడు మీటర్లు నడిచాక మళ్లీ అలాంటి వంపు, తర్వాత సిగ్నల్ తిరిగొచ్చింది. మొరంలో తరంగ వేగం నానోసెకనుకు పది సెంటీమీటర్లు పెడితే, రానూపోనూ 24 నానోసెకన్లంటే 1.2 మీటర్ల లోతు. అది బావి రాతి కట్టడం పైవరస. లోపల చెరువు మట్టి తరంగాన్ని మింగేసింది. గీతలన్నీ కాగితం మీద పక్కపక్కన పెడితే సిగ్నల్ చచ్చిపోయిన భాగం గుండ్రంగా వచ్చింది. ఏమీ కనిపించకపోవడమే ఇక్కడ బావి హద్దు చూపించింది. ఖాళీ ఉందో లేదో మాత్రం జీపీఆర్ చెప్పలేకపోయింది, ఆ మట్టిలోకి చూడలేదు కాబట్టి. అందుకే ఉందనే అనుకుని, హద్దుకు ఐదు మీటర్ల అవతల సున్నంతో గీత గీయించి, రిగ్గును పూర్తిగా చుట్టు తిప్పి తెప్పించాం.

ఆరో బోరు

75 మీటర్ల గుర్తు దగ్గరి గరాటు కూడా నిజమేనా అన్నది తేలాలి. మొదటి లైనుకు 20 మీటర్ల పక్కన, సమాంతరంగా, డైపోల్-డైపోల్ పద్ధతిలో రెండో లైను వేశాను. ఈ పద్ధతి నిలువు ఆకారాలను బాగా పడుతుంది, కానీ సిగ్నల్ బలహీనం, చెడ్డ రీడింగులు చాలా తీసేయాల్సి వచ్చింది. గరాటు అందులోనూ వచ్చింది, మూడు మీటర్లు పక్కకు జరిగి. ఆ రెండు చోట్లను కలిపి గీత గీస్తే డైక్ పోతున్న దిక్కుకే పోయింది. ఒక గుంత అయితే అలా సాగదు, పగుళ్ల పట్టీ అయితేనే సాగుతుంది. విలువ కూడా ఈసీ లెక్క చెప్పిన 60 నుంచి 150 మధ్యలోనే ఉంది. అప్పుడు పాయింటు ఇచ్చాను.

13 మీటర్ల దాకా మొరం, గరుకుగా, చేతిలో రాలిపోయేది. 14 మీటర్లకు కేసింగ్ ఆపించాను. ఇంకా కిందికి దించితే పగుళ్లు మూసుకుపోతాయి. 27 మీటర్ల దగ్గర, అంటే దాదాపు 90 ఫీట్లకు, దుమ్ము ఆగి బురద మొదలైంది. 38 మీటర్ల దగ్గర హ్యామర్ ఒక్క క్షణం జారింది, రిగ్గు పిల్లవాడు ‘గ్యాప్’ అని అరిచాడు. నీళ్లు ఎగజిమ్మాయి. వీ-నాచ్, అంటే వీ ఆకారపు గాటున్న పలక, పెట్టి కొలిస్తే రెండున్నర అంగుళాలు, నిమిషానికి 84 లీటర్లు.

రైతు ఇంకా వేద్దామన్నాడు, 500 ఫీట్లకు వెళితే ఇంకా పడతాయేమో అని. 60 మీటర్ల దగ్గర ఆపించాను. బొమ్మలో 40 మీటర్ల కింద గట్టి రాయి తప్ప ఏమీ లేదు, ఆ లోతులో పగులు దొరికే అవకాశం తక్కువ, ఖర్చు మాత్రం ఫీటు ఫీటుకీ పెరుగుతుంది.

కంప్రెసర్ గాలితో వచ్చిన నీటిని చూసి మోటారు కొనకూడదు. వారం ఆగి పంపింగ్ పరీక్ష చేశాం. నిమిషానికి 60 లీటర్ల దగ్గర నీటి మట్టం నిలకడగా నిలిచింది. రోజుకు ఏడు గంటలు నడిపితే 25,000 లీటర్లు, డ్రిప్పుతో ఒక్కో చెట్టుకు 60 లీటర్ల పైచిలుకు. ఆ ఎండాకాలం చెట్లను బతికించడానికి అది సరిపోయింది. తోట చివర బాగా ఎండిన ముప్పై చెట్లను మాత్రం వదులుకోవాల్సి వచ్చింది.

మరుసటి మే నెలలో మళ్లీ వెళ్లాను. మోటారు నడుస్తుండగా నీటి మట్టం 23 మీటర్ల దగ్గర ఉంది. 27 మీటర్ల దగ్గరున్న పగులు బయటపడితే రాబడి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి, 25 దాటితే మోటారు ఆపమని ముందే చెప్పి ఉంచాను. కొడుకు షెడ్డు గోడ మీద ప్రతి ఆదివారం మట్టం కొలిచి బొగ్గుతో రాస్తున్నాడు. వాళ్ల నానమ్మ కూర్చునే గట్టు పక్కన, పాత మోటబావి చుట్టూ, ట్రాక్టరు ఎక్కకుండా ఎనిమిది కడీలు పాతి ఉన్నాయి.